కలర్‌బ్లైండ్ మోడ్ పెట్టినా శత్రువు కనపడకపోతే: యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో ఏది ఎందుకు

ప్రశ్న: మా తమ్ముడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు. వాలరెంట్ ఆటలో శత్రువు చుట్టూ ఉండే ఎర్ర గీత కనపడదంటాడు. విండోస్‌లో కలర్ ఫిల్టర్ పెట్టాను, స్క్రీనంతా వింతగా మారిపోయి ఇంకా చిరాకు పడుతున్నాడు. పాత దెబ్బ వల్ల ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు గట్టిగా నొక్కలేడు. కథ ఉన్న ఆటల్లో ఇంగ్లిష్ మాటలు కూడా పూర్తిగా అందవు. అక్కగా నేను పక్కన కూర్చుని సెట్ చేసిపెట్టాలనుకుంటున్నాను. ఈ ఆప్షన్లు అసలు ఏం చేస్తాయి, ఏవి పెట్టాలి?

జవాబు:

ముందుగా ఆ విండోస్ ఫిల్టర్ తీసేయండి. మీ తమ్ముడి చిరాకుకు కారణం అదే, అతని చిరాకులో తప్పేమీ లేదు.

ఆట మనకు ఏ సంగతి చెప్పాలన్నా ఏదో ఒక దారిలో చెబుతుంది. శత్రువు ఎవరో రంగుతో చెబుతుంది, ఎటు నుంచి వస్తున్నాడో శబ్దంతో చెబుతుంది, మన జవాబును వేళ్ళ ద్వారా తీసుకుంటుంది. వీటిలో ఒక దారి మూసుకుపోయిన ఆటగాడికి అదే సంగతిని ఇంకో దారిలో అందించడమే ఈ ఆప్షన్ల పని. కాబట్టి ఏ ఆప్షన్ పెట్టినా చూడాల్సింది ఒక్కటే: ఇంతకుముందు అందని ఆ ఒక్క సంగతి ఇప్పుడు అందుతోందా లేదా. స్క్రీన్ అందంగా ఉందా, రంగులు సహజంగా ఉన్నాయా అన్నవి తర్వాతి మాటలు.

రంగుల దగ్గర మొదలుపెడదాం, ఎక్కువ పొరపాట్లు జరిగేది అక్కడే. మన కంట్లో రంగును పట్టే కోన్ కణాలు మూడు రకాలు. పొడవు తరంగాలను, అంటే ఎరుపు వైపును, పట్టేవి బలహీనమైతే ప్రోటాన్ రకం అంటారు. మధ్య తరంగాలను, అంటే ఆకుపచ్చ వైపును, పట్టేవి బలహీనమైతే డ్యూటాన్ రకం. నీలం వైపువి బలహీనమైతే ట్రైటాన్, ఇది చాలా అరుదు. మొదటి రెండింటినీ కలిపి జనం ఎరుపు-ఆకుపచ్చ కలర్ బ్లైండ్‌నెస్ అంటారు. యూరప్ మూలాలున్న మగవాళ్ళలో సుమారు నూటికి ఎనిమిది మందికి, ఆడవాళ్ళలో రెండొందల మందికి ఒకరికి ఇది ఉంటుంది. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మగవాళ్ళలోనే ఎక్కువ.

మీ తమ్ముడిది ఈ రెండింట్లో ఏదో తెలుసుకోవడం అవసరం. కంటి డాక్టరు దగ్గర చుక్కల్లో అంకెలుండే ఇషిహారా పుస్తకం చూపించి చెబుతారు, ఎక్కువ సమయం పట్టదు. అంతవరకు ఇంట్లో ఒక గుర్తు చూడండి. నల్లటి స్క్రీన్ మీద ముదురు ఎరుపు అక్షరాలు పెట్టండి. అవి దాదాపు చీకట్లో కలిసిపోయాయి అంటే ప్రోటాన్ అయ్యే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఆ రకానికి ఎరుపు రంగు మారడమే కాదు, మసకబారుతుంది కూడా. అక్షరాలు బాగానే వెలుగుతున్నాయి, కానీ అది ఎరుపో గోధుమో ముదురు ఆకుపచ్చో తేల్చలేకపోతున్నాడంటే డ్యూటాన్ వైపు అనుకోవచ్చు. మిరపచేలో పండుకాయను దూరం నుంచి ఆకుల్లో పోల్చుకోలేకపోవడం, పచ్చికలో పడ్డ ఎర్ర క్రికెట్ బంతి కోసం వెతుక్కోవడం రెండు రకాల వాళ్ళకూ ఉండేవే, వాటితో రకం తేలదు.

మెనూలో కనిపించే పేర్లు Protanopia, Deuteranopia, Tritanopia. ఇక్కడొక తిరకాసు ఉంది. చివర "ఓపియా" ఉంటే ఆ కోన్ పూర్తిగా లేదని అర్థం. కానీ ఎక్కువ మందికి ఆ కోన్ ఉంటుంది, సరిగ్గా పనిచేయదు, అంతే. దాన్ని "అనామలీ" అంటారు. ఫిల్టర్లను సాధారణంగా అసలే లేనివాళ్ళను ఊహించుకుని కడతారు. కొద్దిపాటి లోపం ఉన్నవాడికి దాన్ని పూర్తి మోతాదులో పెడితే, అతనికి అప్పటిదాకా చక్కగా కనిపిస్తున్న రంగులు కూడా తారుమారవుతాయి. మీ ఇంట్లో జరిగింది బహుశా ఇదే.

కలర్‌బ్లైండ్ మోడ్ అని ఒకే పేరు పెట్టినా లోపల మూడు వేర్వేరు పనులు ఉంటాయి. మొదటిది ఫిల్టర్. ఈ కంటికి ఏ తేడా పోతుందో లెక్కగట్టి, ఆ తేడాను నీలం, పసుపు, వెలుతురు వైపుకు నెట్టేస్తుంది. స్క్రీన్ మీద ప్రతి పిక్సెల్‌కీ ఇది జరుగుతుంది. దాని పరిమితి కూడా అందులోనే ఉంది: స్క్రీన్ చూపగల రంగులు లెక్కకు లోబడినవి. ఎరుపును గులాబీ వైపు తోస్తే, ఆటలో ముందునుంచే గులాబీగా ఉన్నది దానితో కలిసిపోతుంది. ఒక జంటను విడదీయబోయి ఇంకో జంటను కలిపేస్తుందన్నమాట.

రెండోది ఎంచుకున్న రంగులు మార్చడం. ఆకాశం, గోడలు, మనుషుల ముఖాలు అలాగే ఉంటాయి. శత్రువు చుట్టూ గీత, జట్టు గుర్తు, ప్రమాద వలయం లాంటి అర్థం మోసే రంగులు మాత్రమే మారతాయి. మూడోది రంగుతో పనే లేకుండా ఆకారం, అక్షరం, గుర్తు చేర్చడం. అమాంగ్ అస్‌లో తీగలు కలిపే పనికి ప్రతి తీగ పక్కనా ఒక గుర్తు పెట్టారు, ఆటగాళ్ళ రంగుల పేర్లు అక్షరాల్లో చూపించే ఆప్షన్ కూడా ఇచ్చారు. ఇది ఏ రకం లోపానికైనా, పాతబడ్డ స్క్రీన్‌కైనా, ఎండలో పట్టుకున్న ఫోన్‌కైనా పనిచేస్తుంది. ఆటలో మూడోది ఉంటే దాన్ని వాడండి, లేకపోతే రెండోది, ఈ రెండూ లేనప్పుడే ఫిల్టర్. చాలామంది ఈ వరుసను తలకిందులుగా చేసి, ఫిల్టర్ నచ్చక మొత్తం వదిలేస్తారు.

వాలరెంట్‌లో ఉన్నది రెండో రకం, అది మీకు కలిసొచ్చే విషయం. సెట్టింగుల్లో General కింద Accessibility భాగంలో Enemy Highlight Color అని ఉంటుంది. మామూలుగా అది ఎరుపు. మార్చుకోవడానికి ఊదా, పసుపు ఉంటాయి. పసుపు రెండుసార్లు కనిపిస్తుంది, ఒకటి Deuteranopia పేరుతో, ఇంకొకటి Protanopia పేరుతో. మీ తమ్ముడి రకానికి సరిపోయే పసుపుతో మొదలుపెట్టి ప్రాక్టీస్ రేంజ్‌లో బొమ్మల్ని చూడమనండి. రంగు చూపు మామూలుగా ఉన్నవాళ్ళు కూడా చాలామంది ఎరుపు తీసేసి పసుపో ఊదానో పెట్టుకుంటారు, పోటీల్లో ఆడేవాళ్ళతో సహా. కాబట్టి ఇది తనకోసం చేసిన మినహాయింపు అని అతను మొహమాటపడనక్కర్లేదు.

పసుపు అన్ని మ్యాపులకూ సరిపడదు. ఇసుక రంగు గోడలున్న చోట పసుపు గీత గోడలో కలుస్తుంది. అలాంటి చోట ఊదా పెట్టి చూడండి. ఊదాలోని ఎరుపు ప్రోటాన్ కంటికి అందదు కాబట్టి అది అతనికి నీలంగా కనిపిస్తుంది. ఇసుక రంగు మీద నీలం బాగా తేలుతుంది, అతనికి గట్టిగా మిగిలిన తేడా నీలం-పసుపుదే కదా. మెనూలో ఊదా పక్కన Tritanopia అని రాసి ఉందని దాన్ని ముట్టుకోకుండా వదిలేయకండి. ఆ పేర్లు సలహాలు మాత్రమే, అతని కన్నే అసలు కొలత. స్క్రీన్ మధ్యలో గురి చూపించే గుర్తు, అంటే క్రాస్‌హెయిర్‌కు, తెలుపు గానీ పసుపు గానీ పెట్టి, చుట్టూ నల్ల అంచు వచ్చేలా Outlines ఆన్ చేయండి. అంచు ఉంటే వెలుతురు తేడా మిగులుతుంది, వెనక ఏ రంగున్నా కనిపిస్తుంది. నీలం-ఆకుపచ్చ కలిసిన రంగులు ప్రోటాన్, డ్యూటాన్ కళ్ళకు బూడిద రంగులా అనిపిస్తాయి, క్రాస్‌హెయిర్‌కు వాటిని వాడకపోవడమే మేలు.

వేరే ఆటలో ఫిల్టర్ తప్ప గతి లేకపోతే మోతాదు పట్టీ ఉందేమో చూడండి. ఫోర్ట్‌నైట్‌లో కలర్‌బ్లైండ్ రకంతో పాటు 0 నుంచి 10 దాకా బలం ఎంచుకునే పట్టీ ఉంది. 10తో మొదలుపెట్టకండి. 2 దగ్గర పెట్టి, అతనికి ఇబ్బందిగా ఉన్న ఒక్క జంటను చూపిస్తూ ఒక్కో మెట్టు పెంచండి. ఆ జంట విడిపోయిన మెట్టు దగ్గర ఆగిపోండి. అక్కడినుంచి పెంచితే వచ్చే లాభం తక్కువ, ఇంకో జంట కలిసిపోయే నష్టం ఎక్కువ.

ఫిల్టర్లలో ఇంకో రకం పొరపాటు కూడా ఉంటుంది. కొన్ని ఆటల్లో తయారీదార్లు సరిదిద్దే ఫిల్టర్ బదులు, కలర్ బ్లైండ్ మనిషికి లోకం ఎలా కనిపిస్తుందో చూపించే ఫిల్టర్‌ను పెట్టేస్తారు. అది డిజైనర్లు తమ పని సరిచూసుకోవడానికి వాడాల్సింది, ఆటగాడికి ఎందుకూ కొరగాదు. దీన్ని పట్టడం మీ పని, తమ్ముడి వల్ల కాదు. మీకు రంగు చూపు మామూలుగా ఉంటే, మోడ్ ఆన్ చేసి ఎరుపు, ఆకుపచ్చ వస్తువులు పక్కపక్కన ఉన్న చోటు చూడండి. అవి రెండూ మీకు కూడా ఒకే ఆవపిండి రంగులోకి మారిపోతే అది చూపించే ఫిల్టర్, వెంటనే తీసేయండి. రంగులు వింతగా మారినా వాటి మధ్య తేడా మీకు స్పష్టంగా ఉంటే అది సరిదిద్దేది. మీ కంటికి వింతగా ఉండటం తప్పేమీ కాదు, అది మీ కోసం కాదు.

ఫిల్టర్ల మీద ఫిల్టర్లు పడటం ఇంకో గొడవ. విండోస్‌ది, ఆటది రెండూ ఆన్‌లో ఉంటే తోసిన రంగును మళ్ళీ తోస్తాయి. విండోస్ 11లో ఇది Settings, Accessibility, Color filters దగ్గర ఉంటుంది. అక్కడ షార్ట్‌కట్ అనుమతించి ఉంటే Win + Ctrl + C నొక్కగానే ఫిల్టర్ ఆన్, ఆఫ్ అవుతుంది, ఆట మధ్యలో పొరపాటున తగలడం కూడా మామూలే. ఏ ఫిల్టర్ పనిచేస్తోందో తేల్చుకోవడానికి స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కు పంపి చూడండి. విండోస్ ఫిల్టర్ స్క్రీన్‌షాట్‌లో పడదు. ఫోన్‌లోనూ రంగులు వింతగా ఉంటే అది ఆట చేసిన మార్పు, మామూలుగా ఉంటే విండోస్‌ది.

అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది మాత్రం ఎవరూ అనుమానించనిది: రాత్రిపూట కళ్ళకు హాయిగా ఉంటుందని పెట్టుకునే Night light. అది స్క్రీన్‌లో నీలాన్ని తగ్గిస్తుంది. మీ తమ్ముడు ఆధారపడేది నీలం-పసుపు తేడా మీదే, దాన్ని తీసేస్తే అతనికి మిగిలేది వెలుతురు ఒక్కటే. పగలు బాగా కనిపించి రాత్రి కనిపించడం లేదని అతను అంటే ముందు దీన్నే చూడండి. తక్కువ ధర ల్యాప్‌టాప్ తెరలు రంగును పూర్తి గాఢతతో చూపలేవు, చూసే కోణం మారితే కూడా వెలిసిపోతాయి. ఎన్విడియా కార్డు ఉంటే దాని కంట్రోల్ ప్యానెల్‌లో Digital vibrance మామూలుగా 50 శాతం ఉంటుంది. 65 దాకా పెంచి చూడండి. ఫిల్టర్ కంటే ఇది మెత్తగా పనిచేస్తుంది, పూర్తి లోపం లేనివాళ్ళకు ఒక్కోసారి ఇదొక్కటే చాలు.

ఫోన్‌లో బీజీఎంఐ లాంటివి ఆడితే కలర్‌బ్లైండ్ మోడ్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో దొరుకుతుంది. ఆండ్రాయిడ్‌కు సొంతంగా Color correction ఉంది కాబట్టి రెండూ కలిపి పెట్టకండి. కారణం పైన చెప్పిందే.

ఇక వేళ్ళు. ఈ భాగంలో చాలామంది చేసే పని ఏమిటంటే, కష్టంగా ఉన్న మీటను పక్కనున్న ఖాళీ మీటకు మార్చి సరిపెట్టుకోవడం. అంతకంటే ముందు ఏ వేలు ఏ పని చేస్తోందో ఒక కాగితం మీద రాయండి. డబ్ల్యూ, ఏ, ఎస్, డి మీద చెయ్యి పెడితే ఉంగరం వేలు ఏ మీద, నడిమి వేలు డబ్ల్యూ, ఎస్ మీద, చూపుడు వేలు డి మీద ఉంటాయి. చిటికెన వేలికి షిఫ్ట్, కంట్రోల్ పడతాయి. వాలరెంట్‌లో షిఫ్ట్ నొక్కి ఉంచితే చప్పుడు లేకుండా నడవడం, కంట్రోల్ నొక్కి ఉంచితే వంగడం. అంటే అతని బలహీనమైన రెండు వేళ్ళ మీదే నొక్కి పట్టుకోవాల్సిన పనులన్నీ పడ్డాయి. ఒక్కసారి తట్టడం వేరు, పది సెకన్లు నొక్కి పట్టుకోవడం వేరు. దెబ్బ తిన్న వేలిని అలసిపోయేలా చేసేది రెండోదే.

అందుకే ముందు నొక్కి పట్టే పనులను తట్టే పనులుగా మార్చండి. కంట్రోల్స్ మెనూలో నడకకూ వంగడానికీ Toggle ఉందేమో చూడండి, ఒకసారి తడితే మొదలవుతుంది, మళ్ళీ తడితే ఆగుతుంది. తర్వాత ఆ రెండింటినీ మౌస్ పక్క బొత్తాలకు పంపండి. బొటనవేలి దగ్గర రెండు బొత్తాలున్న మౌస్‌లు తక్కువ ధరలోనే దొరుకుతాయి, అతని కుడి బొటనవేలు ఎలాగూ ఖాళీగా ఉంది. గెంతడం కావాలంటే మౌస్ చక్రానికి ఇవ్వొచ్చు. ఉంగరం వేలు ఏ మీద కూడా నిలవకపోతే మొత్తం నడకను ఒక గడి కుడికి జరపండి: ఈ, ఎస్, డి, ఎఫ్. అప్పుడు చూపుడు, నడిమి వేళ్ళు ఈ, డి, ఎఫ్ చూసుకుంటాయి. ఎస్ మాత్రం ఉంగరం వేలికే మిగులుతుంది, కానీ చేతిని కాస్త ఎడమకు తిప్పి పెట్టుకుంటే నడిమి వేలు దాన్ని అందుకోగలదు. చిటికెన వేలికి ఇక ఏ పనీ ఉండదు.

ఇక్కడ మూడు చోట్ల దెబ్బతింటారు. ఒకటి, ఈ, ఎఫ్ మీటలకు అప్పటికే వేరే పనులుంటాయి. కొన్ని ఆటలు హెచ్చరిస్తాయి, కొన్ని ఏమీ చెప్పకుండా పాత పనిని ఖాళీగా వదిలేస్తాయి. తీరా ఆటలో తలుపు తెరవబోతే మీట పలకదు. అందుకే మార్పు అయ్యాక పట్టికంతా కిందిదాకా చదివి ఖాళీ గడులు వెతకండి. వాలరెంట్‌లో ఒక్కో పనికి రెండు మీటలు ఇచ్చుకోవచ్చు, రెండో గడిని వాడి పాత మీటను కొన్నాళ్ళు అలాగే ఉంచితే అలవాటు మారేదాకా ఇబ్బంది ఉండదు.

రెండోది కీబోర్డు సంగతి. చవక కీబోర్డుల్లో మీటల కింద తీగలు అడ్డం, నిలువు గళ్ళుగా ఉంటాయి. ఒక దీర్ఘచతురస్రం మూడు మూలల్లో మీటలు ఒకేసారి నొక్కితే నాలుగోది కూడా నొక్కినట్టు ఆ వలకు అనిపిస్తుంది. ఆ అబద్ధపు నొక్కుడు రాకుండా కీబోర్డు మూడో మీటనే పట్టించుకోదు. షిఫ్ట్, కంట్రోల్ లాంటి వాటికి ఈ బెడద రాకుండా తీగలు వేరుగా పెడతారు, అక్షరాలకు పెట్టరు. అంటే వంగడాన్ని కంట్రోల్ నుంచి ఏదో అక్షరానికి మార్చారనుకోండి, ముందుకూ పక్కకూ కలిపి నడుస్తున్నప్పుడు మాత్రం వంగడం పనిచేయకపోవచ్చు. ఆటలో లోపమనుకుని జనం గంటలు వృథా చేస్తారు. పరీక్ష తేలికే: నోట్‌ప్యాడ్ తెరిచి, నడకకు వాడే రెండు మీటలు నొక్కి పట్టుకుని మూడోది తట్టండి. మూడో అక్షరం పడకపోతే ఆ కలయిక ఆ కీబోర్డులో రాదు, వేరే అక్షరం ఎంచుకోండి. మౌస్ బొత్తాలకు ఈ సమస్యే లేదు, అందుకే వాటినే ముందు వాడమన్నది.

మూడోది స్టిక్కీ కీస్. షిఫ్ట్‌ను వరుసగా ఐదుసార్లు తడితే విండోస్ ఆట మధ్యలో పెట్టె తెరిచి అడుగుతుంది. నడకను తట్టే పనిగా మార్చి, మీట మాత్రం షిఫ్ట్‌నే ఉంచితే ఇది తప్పకుండా ఎదురవుతుంది. Settings, Accessibility, Keyboard కింద Sticky keys లోకి వెళ్ళి దాని షార్ట్‌కట్ ఆపేయండి. అక్షరాలు రాసేటప్పుడు అతనికి స్టిక్కీ కీస్ నిజంగా ఉపయోగపడవచ్చు, కాబట్టి ఆ సౌకర్యాన్ని తీసేయొద్దు, ఐదుసార్లు తట్టే షార్ట్‌కట్‌ను మాత్రమే ఆపండి.

ఆటలో మీటలు మార్చే వీలు లేనప్పుడు బయటినుంచి మార్చాలి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో Keyboard Manager ఒక మీటను ఇంకో మీటగా మార్చిపెడుతుంది. ఆట అడ్మినిస్ట్రేటర్‌గా నడుస్తుంటే పవర్‌టాయ్స్‌ను కూడా అలాగే నడపాలి, లేకపోతే మార్పు ఆటదాకా చేరదు. గేమ్‌ప్యాడ్‌తో ఆడితే స్టీమ్ ఇన్‌పుట్ ఇంకా మంచిది. లైబ్రరీలో ఆట పేజీ మీదున్న కంట్రోలర్ గుర్తు నొక్కి, లేఅవుట్ మార్చే చోట ఏ బొత్తానికైనా Toggle పెట్టొచ్చు, అంటే ఆటలో లేని "తడితే చాలు" సౌకర్యాన్ని మీరే ఇస్తున్నారు. బయటినుంచి మారిస్తే ఒక లోటు మాత్రం తప్పదు. ఆటకు ఈ మార్పు తెలియదు కాబట్టి స్క్రీన్ మీద పాత మీట పేరే చూపిస్తుంది. "ఎఫ్ నొక్కు" అని వస్తే అతను వేరేది నొక్కాలి. అందుకే ఆటలోపలి మార్పు వీలైనప్పుడు బయటి దాని జోలికి వెళ్ళకండి. ఆన్‌లైన్ ఆటల్లో ఒక్క నొక్కుకు నాలుగైదు పనులు వరుసగా చేసే మాక్రోలు, ఆటోహాట్‌కీ లాంటి స్క్రిప్టులు వాడొద్దు. ఉద్దేశం మంచిదైనా మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్‌కు ఆ తేడా తెలియదు, ఖాతా పోయే ప్రమాదం ఉంది. మెనూలో ఆట తానే ఇచ్చే మార్పులతో ఆ భయం లేదు.

సబ్‌టైటిల్స్ గురించి ఒక లెక్క చెబితే ఇవి ఎవరికోసమో తెలుస్తుంది. అసాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్‌లో సబ్‌టైటిల్స్ మొదట ఆఫ్‌లో ఉండేవి, అయినా ఆటగాళ్ళలో దాదాపు 60 శాతం వెతికి మరీ ఆన్ చేసుకున్నారని యుబిసాఫ్ట్ చెప్పింది. తర్వాతి ఆట ఒడిస్సీలో మొదటినుంచే ఆన్ చేసి ఇస్తే 95 శాతం అలాగే ఉంచుకున్నారు. వీళ్ళందరికీ వినికిడి లోపం ఉండదు కదా. ఇంగ్లిష్ రెండో భాషైనవాళ్ళు, యాస అందనివాళ్ళు, పక్క గదిలో పిల్లలు నిద్రపోతుంటే శబ్దం తగ్గించుకున్నవాళ్ళు, అందరూ అందులో ఉన్నారు. మీ తమ్ముడిది కూడా అదే అవసరం. అతనికి ఇంగ్లిష్ చదవడం వినడం కంటే తేలికైతే, మాటకు తగ్గట్టు అక్షరం కళ్ళ ముందుంటే కథ జారిపోదు. మాటల భాషకూ అక్షరాల భాషకూ విడి సెట్టింగులున్న ఆటలో, మాటలు అసలు భాషలో ఉంచి సబ్‌టైటిల్స్ మాత్రం తనకు బాగా వచ్చిన భాషలో పెట్టుకోవచ్చు.

సబ్‌టైటిల్స్ వేరు, క్యాప్షన్స్ వేరు. మొదటిది మాటలను మాత్రమే చూపిస్తుంది. రెండోది తలుపు కిర్రుమన్నది, వెనకాల అడుగుల చప్పుడైంది లాంటివి కూడా రాస్తుంది. 2004లో వచ్చిన హాఫ్ లైఫ్ 2 అప్పుడే రెండింటినీ విడివిడిగా ఇచ్చింది. మీ తమ్ముడికి వినికిడి బాగానే ఉంది కాబట్టి సబ్‌టైటిల్స్ చాలు. క్యాప్షన్స్ పెడితే పోరాటం మధ్య ప్రతి తుపాకీ చప్పుడూ ఒక వరుసగా వచ్చి, చదవాల్సిన మాటను పైకి తోసేస్తుంది. వినికిడి తక్కువైనవాళ్ళకు మాత్రం దిక్కు చూపించేవి కావాలి. ఫోర్ట్‌నైట్‌లోని Visualize Sound Effects ఆ పనే చేస్తుంది: అడుగులు, కాల్పులు, పెట్టెల చప్పుడు ఎటు నుంచి వస్తే అటువైపు స్క్రీన్ మీద వలయంలో గుర్తు వెలుగుతుంది.

సబ్‌టైటిల్స్ ఆన్ చేయడంతో పని సగమే అయినట్టు. తెల్ల అక్షరాలు మంచు మీదా ఆకాశం మీదా కనపడవు, కాబట్టి వెనక నల్లటి పట్టీ ఆన్ చేయండి. ఆట తెర పది అడుగుల దూరంలోని టీవీ అయితే అక్షరాల సైజు పెద్దది పెట్టండి. 1080 తెర మీద 46 పిక్సెళ్ళ ఎత్తు ఈ రంగంలో బాగా వాడుకలో ఉన్న సూచన, చాలా ఆటలు మామూలుగా ఇచ్చేది దీనికంటే చిన్నదే. మాట్లాడేవాళ్ళ పేరు కూడా చూపించే వీలుంటే పెట్టండి. పేరుకు రంగు మాత్రమే ఇచ్చే ఆటల్లో మీ తమ్ముడు మళ్ళీ మొదటి సమస్యకే వస్తాడు. ఒక వరుసలో సుమారు 40 అక్షరాలు, ఒకసారికి రెండు వరుసలు మించితే చదివేలోపు మారిపోతుంది. ఇది మన చేతిలో లేదు, ఆట తయారుచేసినవాళ్ళ చేతిలో ఉంది. అలాంటి ఆట అయితే సైజు పెంచడం వల్ల వరుసలు ఇంకా పెరిగి నష్టమే, పట్టీ మాత్రం పెట్టి సైజు మధ్యస్థంగా వదలండి.

ఇంకో చిన్న మాట. చాలా ఆటలు మొదటిసారి తెరవగానే నేరుగా కథలోకి పోతాయి, మెనూ ఆ తర్వాతే వస్తుంది. ఆ మొదటి సన్నివేశం సబ్‌టైటిల్స్ లేకుండా దాటిపోతుంది. అలా జరిగితే ఆపి సెట్టింగులు మార్చి, కొత్త ఆటగా మళ్ళీ మొదలుపెట్టమనండి.

కథ ఉన్న ఆటల్లో అతనికి ఏది ఇవ్వాలో తేలకపోతే ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 తో మొదలుపెట్టొచ్చు, పెద్దల ఆట కాబట్టి వయసు చూసుకోండి. 2020లో ప్లేస్టేషన్ మీద వచ్చింది, 2025లో పీసీకి కూడా వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడే 60కి పైగా యాక్సెసిబిలిటీ సెట్టింగులున్నాయి. మీ తమ్ముడి మూడు అవసరాలూ అందులో ఒకేచోట తీరతాయి. సబ్‌టైటిల్స్‌కు మాట్లాడేవారి పేరు, వెనక పట్టీ, సైజు, మాట ఏ దిక్కు నుంచి వచ్చిందో చూపే బాణం వేర్వేరుగా ఉన్నాయి. కథ మాటలు మాత్రమే కావాలా, పోరాటంలో శత్రువుల కేకలు కూడా కావాలా అని అడుగుతుంది. మీటలన్నీ మార్చుకోవచ్చు, గబగబా పదేపదే నొక్కాల్సిన చోట నొక్కి పట్టుకుంటే చాలనే ఆప్షన్ ఉంది. అతని కుడిచేతి మీటకు అది పెట్టండి, ఎడమచేతి మీటలకు తట్టే పద్ధతి పెట్టండి. High contrast display ఆన్ చేస్తే పరిసరాలు బూడిద రంగులోకి పోయి మనుషులు, వస్తువులు మాత్రం రంగుల్లో మిగులుతారు. మొదట వచ్చే జత రంగుల్లో శత్రువు ఎరుపు, అతనికి అది చీకటిగా ఉండొచ్చు. అదే మెనూలో వేరే జతలున్నాయి, మార్చి చూడండి.

పని ఒక్క కూర్చోడంలో ముగించాలనుకోకండి. మొదటి రోజు రంగులు మాత్రమే మార్చి రెండు మూడు రోజులు ఆడనివ్వండి. కన్ను కొత్త రంగుకు త్వరగానే అలవాటు పడుతుంది, వేళ్ళకు మాత్రం వారం పైన పడుతుంది. రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేయలేదో అతనికే తెలియదు. మీటలు మార్చిన మొదటి వారం అతని ఆట తప్పకుండా దిగజారుతుంది, అది మార్పు తప్పైనందుకు కాదు. ఆ వారం ర్యాంకు మ్యాచులు ఆడకుండా మామూలు మ్యాచులే ఆడమనండి. వేలి నొప్పి తగ్గిందా లేదా అన్నది రోజూ ఆట ముగించాక అడగండి. వారం తర్వాత కూడా తగ్గకపోతే ఇంకా నొక్కి పట్టుకుంటున్న మీట ఏదో మిగిలి ఉన్నట్టే. ముందు రాసిన కాగితం తీసి, ఆ రెండు వేళ్ళ పక్కన ఇంకా ఏముందో చూడండి.